ఒక్క ఫ్లాట్‌కు ఒక్క రీల్: స్క్రిప్ట్ ఎక్కడ తప్పుతోంది?

నిజాంపేట_శ్రీను
హైదరాబాద్ నిజాంపేటలో రీసేల్ ఫ్లాట్లు చూపించడం నా వృత్తి. ఇప్పుడు నా చేతిలో ఒక రెండు పడకగదుల ఫ్లాట్ ఉంది. మూడో అంతస్తు, 1,160 అడుగులు, కట్టి తొమ్మిదేళ్లయింది, యజమాని 64 లక్షలు అడుగుతున్నారు. దీనికి అరవై సెకన్ల నిలువు వీడియో చేసి పెట్టాను. గేటు దగ్గర మొదలుపెట్టి లిఫ్టు, గుమ్మం, హాలు, వంటిల్లు, గదులు వరుసగా చూపిస్తూ, వెనుక నుంచి మాట్లాడాను. వ్యూస్ బాగానే వచ్చాయి, ముప్పైకి పైగా ఫోన్లు కూడా వచ్చాయి. అయితే ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ మొదట ధర, ఆ తరువాత ఫేసింగ్ అడిగారు. పడమర అనగానే దాదాపు అందరూ ఫోన్ పెట్టేశారు. ఒక్కరు కూడా ఇల్లు చూడడానికి రాలేదు. లోపం ఫ్లాట్‌లో ఉందా, నేను రాసుకున్న మాటల్లో ఉందా అన్నది నాకు అర్థం కావడం లేదు. స్క్రిప్ట్ ఎలా రాయాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

రీల్స్_కిరణ్
అరవై సెకన్లు చాలా ఎక్కువ. పదిహేను సెకన్లకు కుదించండి, మంచి పాట పెట్టండి, ధర మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పకండి. ధర తెలుసుకోవడానికైనా ఫోన్ చేస్తారు, ఆ ఫోన్లే మనకు కావాలి.

పద్మజ_వి
కిరణ్ గారూ, శ్రీను గారికి ఫోన్లకు కొదవ లేదు. ముప్పై మంది ఫోన్ చేసినా ఒక్కరూ రాకపోవడమే ఆయన బాధ. ధర దాచితే ఆ ముప్పై అరవై అవుతాయి, వచ్చేవారి సంఖ్య అలాగే ఉంటుంది. శ్రీను గారూ, మీరు చదివిన మాటలను యథాతథంగా ఇక్కడ పెట్టగలరా? వీడియో కన్నా ముందు ఆ కాగితం చూడాలి.

నిజాంపేట_శ్రీను
పెడుతున్నాను. “హాయ్ అండీ, నమస్కారం. ఈ రోజు మనం నిజాంపేటలో ఒక అద్భుతమైన, అందమైన, విశాలమైన రెండు పడకగదుల ఫ్లాట్ చూడబోతున్నాం. ప్రైమ్ లొకేషన్, అన్ని సౌకర్యాలూ దగ్గర్లోనే ఉన్నాయి, స్కూళ్లు, హాస్పిటళ్లు, మెట్రో అన్నీ అయిదు నిమిషాల దూరంలో…” ఇలా మొత్తం నూట డెబ్బై మాటలు రాసుకున్నాను. సమయం చాలక చివర్లో చాలా వేగంగా చదవవలసి వచ్చింది.

పద్మజ_వి
నేను ఎనిమిదేళ్లుగా బిల్డర్లకూ ఏజెంట్లకూ ఇలాంటి వీడియోలు రాసి తీస్తున్నాను. నాకు కనిపించినవి చెబుతాను, వేరేలా అనుకునేవారు సరిదిద్దండి.

మీ మాటల్లో మొదటి పది సెకన్లు ఏ ఇంటికైనా అతుకుతాయి. మీ ఫ్లాట్ పేరు తీసి కూకట్‌పల్లిలోని మరో ఫ్లాట్ పేరు పెట్టినా ఒక్క అక్షరం మార్చనవసరం లేదు. చూసేవారు ఇలాంటి వాక్యాలను రోజూ వింటున్నారు కాబట్టి ఆ పది సెకన్లలోనే వేలు పైకి జరుపుతారు. జరపనివారికి కూడా ఈ ఇంటి గురించి తెలిసిందేమీ లేదు, అందుకే ఫోన్ చేసి మొదటి నుంచి అడుగుతున్నారు.

రెండోది కొలత. తెలుగు మాట పొడుగు. వినేవారికి అర్థమయ్యే వేగంతో చదివితే సెకనుకు రెండు మాటలు దాటడం కష్టం. నలభై సెకన్ల వీడియోకు ఎనభై మాటలు రాయండి, అంతకు మించవద్దు. రాసినదాన్ని గొంతెత్తి చదువుతూ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూసుకోండి, మనసులో చదువుకుంటే ఎప్పుడూ తక్కువ సమయమే వస్తుంది.

అసలైన పని మూడోది. అదే ధరకు అదే పేటలో దొరికే మిగతా ఫ్లాట్లలో లేనిది, ఈ ఫ్లాట్‌లో ఉన్నది ఒక్కటి చెప్పండి. అది తేలేదాకా స్క్రిప్ట్ మొదలుపెట్టకూడదు.

నిజాంపేట_శ్రీను
ఆలోచిస్తే ఒకటి ఉంది. హాలుకు ఆనుకుని ఉన్న బాల్కనీ తూర్పు వైపు ఉంటుంది. ఉదయం పూట హాల్లో లైటు వేయవలసిన అవసరం రాదు. ప్రస్తుతం అద్దెకున్న ఆవిడ ఎనిమిదింటికి హాల్లోనే కూర్చుని కూరగాయలు తరుగుతూ కనిపిస్తారు, పైన లైటు ఆపేసే ఉంటుంది. అయితే గుమ్మం పడమర కావడంతో నేను ఫేసింగ్ ప్రస్తావనే తేలేదు.

పద్మజ_వి
మీ రీల్ మొత్తం ఆ రెండు వాక్యాల్లోనే ఉంది. పడమర గుమ్మాన్ని దాచినందువల్ల తూర్పు బాల్కనీని కూడా దాచవలసి వచ్చింది.

వాస్తు_మూర్తి
పడమర సింహద్వారం దోషమని ఎవరన్నారు? గుమ్మం పడమర గోడలో ఏ భాగంలో ఉందో చూడాలి, యజమాని జన్మనక్షత్రం చూడాలి. శ్రీను గారు ప్లాను పంపితే వాస్తు సరిపోతుందో లేదో చూసి చెబుతాను. ముందు అది తేల్చుకోకుండా వీడియోలు తీసి ప్రయోజనం లేదు.

కూకట్‌పల్లి_లక్ష్మి
మూర్తి గారూ, ఆయన అడిగింది వాస్తు గురించి కాదండీ, వీడియోలో ఏం మాట్లాడాలన్నదే ప్రశ్న. అయినా మీ మాటలో ఉపయోగపడేది ఒకటి ఉంది. పడమర గుమ్మం పనికిరాదని అందరూ అనుకోరు. మా అత్తగారి ఇల్లు పడమర ముఖమే, మేము కొన్న ఫ్లాట్ కూడా అదే. అలాంటివారికి ఈ సంగతి వీడియోలోనే తెలిస్తే వారే ఫోన్ చేస్తారు, తూర్పు తప్ప వద్దనుకునేవారు ఫోన్ చేయరు. శ్రీను గారికి రెండు విధాలా మేలే.

మరో మాట. అపార్ట్‌మెంట్‌లో గుమ్మం తూర్పు ముఖమని ఎగబడి కొన్నవారి ఇళ్లను చూశాను. గుమ్మం తీస్తే కారిడార్, దానికి అవతల పక్క ఫ్లాట్ గోడ. సూర్యుడు ఆ గుమ్మం వైపు ఎన్నడూ తొంగి చూడడు. ఈ తేడాను కళ్లకు కట్టేలా చూపిస్తే వీడియోకు అంతకన్నా మంచి ఆరంభం అవసరం లేదని నా అభిప్రాయం.

డల్లాస్_సుధీర్
నేను కొనేవాడి వైపు నుంచి చెబుతాను. అమెరికాలో ఉంటూ రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఫ్లాట్ కోసం రీల్స్ చూస్తున్నాను. నాకు సోఫాలు, ఫాల్స్ సీలింగ్ లైట్లు అక్కర్లేదు. బాల్కనీలో నిలబడి కెమెరాను బయటికి తిప్పమని అడిగితే సగం మంది తిప్పరు. ఒకసారి వెలుతురు బాగుందని మెచ్చుకుని, మా తమ్ముడిని పంపించాను. బాల్కనీకి ఆనుకుని ఖాళీ స్థలం ఉంది, అందులో అప్పటికే పునాదులు తవ్వుతున్నారు. ఆరు నెలల్లో ఆ వెలుతురు పోయేదే. శ్రీను గారి బాల్కనీ ముందు ఏముంది?

నిజాంపేట_శ్రీను
ముప్పై అడుగుల రోడ్డు ఉంది. దానికి అవతల రెండంతస్తుల ఇళ్లు ఉన్నాయి.

డల్లాస్_సుధీర్
అయితే ఆ రోడ్డును తప్పకుండా చూపించండి, మాటల్లో కూడా చెప్పండి. వెలుతురు ఎందుకుందో, ఇకముందు ఎందుకు ఉంటుందో నాలాంటివాడికి అప్పుడే నమ్మకం కలుగుతుంది.

ఇంజనీర్_రఘు
కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. రోడ్డు ఉంది కాబట్టి ఆనుకుని గోడ లేవదు, అంతవరకు నిజం. కానీ అవతలి రెండంతస్తుల ఇల్లు రేపు పడగొట్టి అయిదంతస్తులు కడితే, ఉదయం ఏటవాలుగా వచ్చే ఎండ మూడో అంతస్తుకు గంటో రెండు గంటలో ఆలస్యంగా చేరుతుంది. వెలుతురు ఉంటుంది, ఎండ తగ్గవచ్చు. “ఎప్పటికీ అడ్డు రాదు” అని మాత్రం రాయకండి.

రీల్స్_కిరణ్
నలభై సెకన్లలో ఇవన్నీ ఎవరు వింటారు? లోపాలు మనమే చెప్పుకుంటే పక్క ఏజెంటు నవ్వుకుంటాడు.

కెమెరా_రాజ్యం
వినిపించడం కాదు కిరణ్ గారూ, చూపించాలి. లక్ష్మి గారు చెప్పిన ఆరంభాన్ని నేనైతే ఇలా తీస్తాను. గోడ మీద స్విచ్, దాని మీద చేయి. చేయి లైటు ఆపేస్తుంది. హాలు చీకటి కాదు. ఈ ఒక్క షాట్ మూడు సెకన్లలో అయిపోతుంది, శబ్దం ఆపి చూసేవారికి కూడా అర్థమవుతుంది.

అయితే ఫోన్‌తో తీస్తే ఇక్కడ ఒక మోసం జరుగుతుంది. లైటు ఆగగానే ఫోన్ తనంతట తానే వెలుతురు పెంచుకుంటుంది, అప్పుడు చీకటి గది కూడా వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. కాబట్టి తెర మీద హాలు మధ్యలో వేలు నొక్కి పట్టుకుని ఎక్స్‌పోజర్ లాక్ చేసి, ఆ తరువాతే స్విచ్ నొక్కాలి. లాక్ చేసినా హాలు బాగుంటే ఆ ఇంటికి నిజంగా వెలుతురు ఉన్నట్టే.

ఎల్‌ఈడీ లైట్ల కింద తీసినప్పుడు వీడియోలో చారలు పాకడం చూసే ఉంటారు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఫోన్ సాధారణంగా సెకనుకు ముప్పై ఫ్రేములు తీస్తుంది, రెండూ కుదరక ఆ చారలు వస్తాయి. షట్టర్ మార్చగలిగే యాప్ ఉంటే 1/50 లేదా 1/100 దగ్గర పెట్టండి. పగటి వెలుతురులో లైట్లన్నీ ఆపి తీస్తే ఆ బాధే లేదు, మీ విషయానికీ అదే సరిపోతుంది.

0.5 లెన్స్ మాత్రం వాడకండి. పది అడుగుల గది పదిహేను అడుగులుగా కనిపిస్తుంది, చూడడానికి వచ్చినవారు గుమ్మంలోనే నిరాశపడతారు.

కూకట్‌పల్లి_లక్ష్మి
రాజ్యం గారు చెప్పిన చివరి మాట నా స్వానుభవం. వీడియోలో చూసిన గదిలో మా అమ్మాయి బల్ల, బీరువా రెండూ పడతాయనుకున్నాం. వెళ్లి చూస్తే మంచం వేశాక తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. ఆ రోజు నుంచి టేపు పెట్టి కొలిచి చూపించని వీడియోను నేను నమ్మడం మానేశాను.

పద్మజ_వి
ఇప్పటిదాకా అందరూ చెప్పినదాన్ని బట్టి ఒక స్క్రిప్ట్ రాశాను. కాగితాన్ని నిలువుగా మడిచి ఎడమ వైపు కనిపించేది, కుడి వైపు వినిపించేది రాసుకోవడం నా పద్ధతి. ఎడమ వైపు ఏమీ రాయలేకపోయిన వాక్యాన్ని కుడి వైపు నుంచి కొట్టేస్తాను. “ప్రైమ్ లొకేషన్” అన్న మాట అలాగే పోతుంది.

మొదటి షాట్, స్విచ్ మీద చేయి, ఆ తరువాత హాలు: “హాల్లో లైటు ఆపేశాను. ఉదయం ఎనిమిదిన్నర. ఈ వెలుతురంతా బాల్కనీలోంచి వస్తోంది.” తెర మీద అక్షరాలు: నిజాంపేట, 2 బీహెచ్‌కే, 64 లక్షలు.

రెండో షాట్, గుమ్మం దగ్గర మొదలై బాల్కనీ దాకా ఆగకుండా ఒకే నడక, చివర కెమెరా రోడ్డు మీదికి: “గుమ్మం పడమర, బాల్కనీ తూర్పు. ముందు ముప్పై అడుగుల రోడ్డు ఉంది కాబట్టి ఆనుకుని గోడ లేవదు.”

మూడోది, వంటింటి పక్కన వాష్ ఏరియా: “వాషింగ్ మెషిన్ పెట్టాక కూడా ఇక్కడ మనిషి నిలబడే చోటుంది.”

నాలుగోది, పెద్ద పడకగదిలో మంచం పక్కన టేపు: “ఆరడుగుల మంచం వేశాక ఇటు రెండడుగులు, అటు మూడడుగులు మిగిలాయి.”

అయిదోది రెండో గది. అక్కడి సంగతి ఏమిటో శ్రీను గారే చెప్పాలి.

చివరిది, మళ్లీ హాలు: “మొత్తం పదకొండు వందల అరవై అడుగులు, లోపల వాడుకునేది ఇంత. ధర అరవై నాలుగు లక్షలు. ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు వస్తే ఈ వెలుతురు మీరే చూడవచ్చు.”

చూడడానికి పిలిచే సమయం కూడా వీడియో తీసిన సమయమే కావడం గమనించండి. సాయంత్రం రమ్మంటే మొదటి షాట్ అబద్ధమైపోతుంది.

నిజాంపేట_శ్రీను
ఇది చదివాక నా కాగితం చించేశాను. రెండో గది కిటికీకి ఎదురుగా పక్క బిల్డింగు గోడ ఉంది, పగలు కూడా లైటు వేయాలి. ఇది చెప్పాలా? లోపలి కొలత ఎలా చెప్పాలి? కాగితాల్లో కామన్ ఏరియాతో కలిపి 1,160 అనే ఉంది.

పద్మజ_వి
చెప్పండి. “రెండో గదిలో పగలు కూడా లైటు కావాలి” అని ఒక్క వాక్యం చాలు, ఎందుకో కిటికీయే చూపిస్తుంది. హాలు గురించి మీరు చెప్పినదాన్ని నమ్మించే వాక్యం అదే.

రీల్స్_కిరణ్
ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. చూడడానికి వచ్చినప్పుడు చెబితే చాలదా? నా అనుభవంలో లోపం విన్న చోటే వీడియో ఆపేస్తారు.

పద్మజ_వి
అందుకే అది అయిదో షాట్‌లో ఉంది, మొదటిదిగా లేదు. యజమాని ఒప్పుకుంటేనే పెట్టాలన్నది కూడా నిజమే, ఇల్లు ఆయనది. ఒకసారి యజమాని కాదంటే ఆ గదిని వీడియోలోంచే తీసేశాను గానీ లైట్లు వేసి వెలిగించి చూపలేదు.

ఇంజనీర్_రఘు
కొలత సంగతి నేను చెబుతాను. శ్రీను గారూ, టేపు తీసుకుని ప్రతి గదినీ గోడ నుంచి గోడకు కొలిచి, వంటిల్లు, స్నానాల గదులు, లోపలి నడవా కలిపి లెక్కవేయండి. గదుల మధ్య గోడల మందం కూడా కార్పెట్ ఏరియాలోకే వస్తుంది, బయటి గోడలూ బాల్కనీ రావు. 2016 నాటి రెరా చట్టంలో ఉన్న నిర్వచనం అదే. మీకు వచ్చిన అంకెను “మేము కొలిస్తే” అని చెప్పండి.

అడ్వకేట్_వాణి
చట్టం ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. బిల్డర్ కొత్త ప్రాజెక్టును ప్రకటించేటప్పుడు రెరా రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా ఆ ప్రకటనలో స్పష్టంగా కనిపించాలి. రీల్ కూడా ప్రకటనే. శ్రీను గారిది యజమాని అమ్ముకుంటున్న పాత ఫ్లాట్ కాబట్టి బిల్డర్‌కు ఉన్న ఆ షరతు ఇక్కడ అదే విధంగా వర్తించదు. కానీ రేపు ఇదే స్క్రిప్ట్‌ను కొత్త ప్రాజెక్టులోని ఫ్లాట్‌కు వాడుకుంటే ఆ నంబరు మరిచిపోకండి, ఏజెంటుగా మీ రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి.

మరొకటి. ఇంట్లో అద్దెకున్నవారు ఉన్నారన్నారు. వారి పిల్లల ఫోటోలు, దేవుడి గది, గుమ్మం మీద ఇంటి నంబరు కనిపించకుండా తీయండి, తీసే ముందు వారి అనుమతి కూడా తీసుకోండి.

కెమెరా_రాజ్యం
తెర మీది అక్షరాల గురించి ఒక మాట మిగిలింది. శ్రీను గారి పాత వీడియో చూశాను. ధర అడుగున పెట్టారు, దాని మీదికి మీ ఖాతా పేరు, క్యాప్షన్ వచ్చి కూర్చున్నాయి. కుడి అంచున ఉన్న అక్షరాలను లైకు, షేరు బొత్తాలు మింగేశాయి. ధర అడిగిన ముప్పై మందిలో కొందరు దానివల్లే అడిగి ఉంటారు. అక్షరాలను మధ్య నుంచి కొంచెం పైకి, ఎడమ వైపు పెట్టండి. ఎడిటింగ్ యాప్‌లో బాగున్నా, పోస్ట్ చేసే ముందు వేరే ఫోన్‌లో ఒకసారి చూసుకోండి.

గొంతు ఖాళీ హాల్లో రికార్డు చేయకండి, గిన్నెలో మాట్లాడినట్టు మోగుతుంది. కారు అద్దాలు మూసుకుని, ఇంజన్ ఆపి చదవండి.

కూకట్‌పల్లి_లక్ష్మి
మెట్రో అయిదు నిమిషాలన్న మాట కూడా తీసేశారు కదా? నిజాంపేట రోడ్డు మీద సాయంత్రం ఎలా ఉంటుందో ఇక్కడివారికి తెలుసు.

నిజాంపేట_శ్రీను
తీసేశాను లక్ష్మి గారూ. బండి మీద జేఎన్‌టీయూ మెట్రో స్టేషన్‌కు స్వయంగా వెళ్లి చూశాను, ఉదయం ఏడింటికి పన్నెండు నిమిషాలు, సాయంత్రం ఆరున్నరకు ఇరవై ఎనిమిది. రెండూ క్యాప్షన్‌లో రాస్తాను. గదులు కొలిచాను, లోపల 830 అడుగులు వచ్చింది. రెండో గది మాట చెప్పడానికి యజమాని మొదట ఒప్పుకోలేదు, రాత్రి ఆలోచించుకుని సరేనన్నారు.

వాస్తు_మూర్తి
ప్లాను పంపితే చూస్తానన్నాను.

నిజాంపేట_శ్రీను
పంపుతాను మూర్తి గారూ, కొనేవారు అడిగినప్పుడు మీ మాట పనికొస్తుంది.

నిజాంపేట_శ్రీను
రెండు వారాల తరువాత రాస్తున్నాను. వీడియో నలభై మూడు సెకన్లు వచ్చింది. స్విచ్ షాట్ నాలుగుసార్లు తీయవలసి వచ్చింది, మొదటి మూడుసార్లు నా నీడ గోడ మీద పడింది. పాత వీడియో కన్నా వ్యూస్ తక్కువే వచ్చాయి. తొమ్మిది ఫోన్లు వచ్చాయి, ఒక్కరు కూడా ధర గానీ ఫేసింగ్ గానీ అడగలేదు. నలుగురు ఆదివారం ఉదయమే వచ్చారు. అందులో ఒక పెద్దాయన నేరుగా వెళ్లి హాల్లో లైటు ఆపి చూశారు. ఇద్దరు రెండోసారి వస్తామన్నారు, బేరం ఇంకా తేలలేదు.

రీల్స్_కిరణ్
నలుగురు రావడం మంచిదే. అయినా ధర చెప్పకుండా ఉంటే బేరానికి మీ చేతిలో కొంత వెసులుబాటు ఉండేదని ఇప్పటికీ అంటాను. వచ్చినవారు 64 దగ్గర మొదలుపెట్టి కిందికే అడుగుతారు కదా?

నిజాంపేట_శ్రీను
అవును, ఒకరు 59 అన్నారు. యజమాని ఇంకా ఏమీ చెప్పలేదు.

డల్లాస్_సుధీర్
ఆ ఇద్దరూ వెనక్కి తగ్గితే నాకు చెప్పండి. మా తమ్ముడిని వచ్చే ఆదివారం ఎనిమిదిన్నరకు పంపిస్తాను.